తెలుగు ఫైలు ప్రెస్సుకి ఏ రూపంలో ఇవ్వాలి? డబ్బాలు, విరిగిన ఒత్తులు రాకుండా ఉండే దారులు

ఫోన్లోనో లాప్‌టాప్‌లోనో చక్కగా కనిపించిన తెలుగు, జిరాక్సు షాపులో ప్రింటు తీయించగానే డబ్బాలుగా మారిపోతే అందరూ చెప్పే సలహా ఒకటే: ఫాంటు మార్చి చూడండి. ఆ సలహా ఒక్కోసారి పనిచేస్తుంది, ఒక్కోసారి అసలు జబ్బుకి సంబంధమే ఉండదు. కాగితం మీద తెలుగు చెడిపోయే తీరులు నాలుగున్నాయి, నాలుగింటికీ కారణాలు వేరు. ఏ తీరులో చెడిందో చూసుకోకుండా ఫాంట్లు మారుస్తూ కూర్చుంటే సాయంత్రం దాకా అదే పని. ప్రెస్సు పని అయితే ఇంకా కష్టం, అక్కడ ప్లేటు చేసేశాక తప్పు కనబడితే ఖర్చు మనదే.

అందుకే ముందు తప్పుని గుర్తుపట్టడం చెప్పి, తర్వాత ఫైలు ఇచ్చే దారుల్ని పోల్చి, ఏ పనికి ఏది నయమో చెబుతాను.

కాగితం మీది తప్పు ఏ రకం?

మొదటి రకం ఖాళీ డబ్బాలు. ప్రతి ఫాంటులోనూ ‘ఈ అక్షరం నా దగ్గర లేదు’ అని చూపడానికి ఒక బొమ్మ ఉంటుంది. చాలా ఫాంట్లలో అది ఖాళీ డబ్బా, కొన్నిట్లో లోపల ఇంటూ గుర్తో ప్రశ్నార్థకమో ఉంటుంది. కాబట్టి డబ్బా వచ్చిందంటే అర్థం ఒకటే: ఆ క్షణంలో వాడిన ఫాంటులో ఆ అక్షరం లేదు. పాఠం పాడవలేదు, లోపల భద్రంగానే ఉంది. దీనికి మాత్రం ఫాంటు మార్చడం సరైన మందు. మొత్తం తెలుగంతా డబ్బాలైతే తెలుగే లేని ఫాంటు వాడారన్నమాట. తెలుగంతా బాగుండి ఒక్క రూపాయి గుర్తు మాత్రం డబ్బా అయితే ఫాంటు పాతదన్నమాట. ₹ గుర్తు యూనికోడ్‌లోకి వచ్చింది 2010లో. అంతకుముందు చేసి, తర్వాత సవరించని ఫాంట్లలో అది ఉండదు. రసీదుల్లో, చందా పుస్తకాల్లో ఈ డబ్బా తరచూ కనిపిస్తుంది.

రెండోది విరిగిన ఒత్తులు. ‘స్త్రీ’ అన్న మాట ‘స్‌త్‌రీ’ లాగా పడుతుంది. ఇక్కడ అక్షరాలన్నీ ఉన్నాయి, వాటిని కలిపి కూర్చేవాడే లేడు. ఇది తెలుగుకి ముఖ్యమైన జబ్బు కాబట్టి కాసేపట్లో విడిగా చూద్దాం.

మూడోది గజిబిజి ఇంగ్లీషు. తెలుగు ఉండాల్సిన చోట ఇంగ్లీషు అక్షరాలు, బ్రాకెట్లు, డాలరు గుర్తులు, యాసలున్న యూరపు అక్షరాలు కలగాపులగంగా వస్తాయి. ఇది అను లాంటి పాత ఫాంట్లలో టైపు చేసిన పాఠం. ఆ పద్ధతిలో కంప్యూటర్ దృష్టిలో ఉన్నవి ఇంగ్లీషు అక్షరాల సంకేతాలే, ఫాంటు వాటి మీద తెలుగు బొమ్మలు తొడుగుతుంది. ఆ ఫాంటు తీసేస్తే తొడుగు ఊడి అసలు సరుకు బయటపడుతుంది. దీనికి మండలి, నిర్మల లాంటి యూనికోడ్ ఫాంటు పెట్టినా లాభం లేదు. ఆ అను ఫాంటే కావాలి, లేదా కన్వర్టర్‌తో యూనికోడ్‌లోకి మార్చాలి.

నాలుగోది చుక్కల వలయం. గుణింతం గుర్తు పక్కనో కిందో చుక్కలతో చేసిన చిన్న సున్నా పడుతుంది. ఇది ఎక్కువగా టైపింగు తప్పు: ఒకే హల్లుకి రెండు గుడులు పడ్డాయి, లేదా ఖాళీ కొట్టాక గుణింతం పడింది. ఫాంటుని తిట్టకుండా ఆ గుర్తు చెరిపేస్తే సరిపోతుంది. ఊరంతా చుక్కల వలయాలే కనబడితే మాత్రం రెండో రకం జబ్బు ముదిరిందని అనుకోవాలి.

ఒత్తులు ఎందుకు విరుగుతాయి

యూనికోడ్‌లో ‘స్త్రీ’ అన్నది ఒక అక్షరం కాదు. అందులో ఆరు సంకేతాలు వరసగా ఉంటాయి: స, పొల్లు, త, పొల్లు, ర, దీర్ఘపు గుడి. ఫైలులో దాగేది ఇంతే. కాగితం మీద మాత్రం స పైన గుడి ఉంటుంది, త ఒత్తుగా కిందకి వెళుతుంది, ర ఇంకో ఒత్తవుతుంది. గమనించారా, అన్నిటికన్నా చివర టైపు చేసిన గుడి, మొట్టమొదటి అక్షరం నెత్తికెక్కింది. ఈ పనంతా చేసే ప్రోగ్రాము వేరే ఉంటుంది, దాన్ని షేపింగ్ ఇంజన్ అంటారు. వరసని చదివి, ఏది తలకట్టు అక్షరమో, ఏది ఒత్తో, గుణింతం ఎక్కడ అతకాలో అది తేలుస్తుంది. ఆ తర్వాత ఫాంటులో ఉన్న కూర్పు పట్టికల్ని చూసి సరైన బొమ్మల్ని ఏరుకుంటుంది.

అంటే ఒత్తు సరిగా పడాలంటే ఇద్దరూ కావాలి: కూర్పు పట్టికలున్న ఫాంటు, వాటిని చదవగలిగిన సాఫ్ట్‌వేర్. క్రోమ్‌లో, ఫైర్‌ఫాక్సులో, లిబ్రాఫీసులో హార్ఫ్‌బజ్ అనే ఇంజన్ ఈ పని చేస్తుంది. విండోసుకి, ఆపిల్‌కి సొంత ఇంజన్లు ఉన్నాయి. ప్రెస్సుల్లో పేజీలు అమర్చే పాత ప్రోగ్రాము పేజ్‌మేకర్‌కి అలాంటిది ఏదీ లేదు. ఎంత మంచి యూనికోడ్ ఫాంటు తెచ్చి పెట్టినా అందులో తెలుగు పలకదు, ఎందుకంటే లోపం ఫాంటులో లేదు. ఈ ఇంజన్ల పని ఎంత సున్నితమో 2018 ఫిబ్రవరిలో లోకమంతా చూసింది. ‘జ్ఞా’కి దగ్గరి ఒక తెలుగు కూర్పు మెసేజిలో వస్తే చాలు, ఐఫోన్లలో ఆప్‌లు కూలిపోయేవి. ఆపిల్ వెంటనే సవరణ విడుదల చేయాల్సి వచ్చింది.

దీంట్లోంచి మనకి కావలసిన మాట ఒకటుంది. ఫైలు మీ దగ్గర్నుంచి బయల్దేరి కాగితం చేరేలోగా ఈ కూర్పు ఎక్కడో ఒకచోట జరగాలి. అది మీ కంప్యూటర్లో, మీ కళ్ల ముందు జరిగిపోతే తర్వాత చెడేది తక్కువ. అవతలి వాళ్ల కంప్యూటర్లో జరగాలంటే వాళ్ల దగ్గర ఏ విండోస్ ఉంది, ఏ ఫాంట్లు ఉన్నాయి, ఏ సాఫ్ట్‌వేర్ ఉంది అన్నదాని మీద మీ పని ఆధారపడుతుంది. కింది దారులన్నిటినీ నేను ఈ ఒక్క లెక్కతోనే పోలుస్తాను.

వర్డ్ ఫైలు పంపడం

అందరూ చేసేదీ, అన్నిటికన్నా ఎక్కువ దెబ్బతినేదీ ఇదే. వర్డ్ ఫైలులో పాఠం, ఫాంటు పేరు మాత్రమే వెళతాయి, ఫాంటు వెళ్లదు. అవతల ఆ ఫాంటు లేకపోతే వర్డ్ చెప్పాపెట్టకుండా ఇంకో తెలుగు ఫాంటు పెట్టేస్తుంది. డబ్బాలు రాకపోవచ్చు, ఒత్తులూ విరగకపోవచ్చు. కానీ ప్రతి ఫాంటుకీ వెడల్పు, ఎత్తు వేరు కాబట్టి పేజీలు జరిగిపోతాయి.

పాత విండోసుల్లో తెలుగంటే గౌతమి ఫాంటే. విండోస్ 7లో వాణి తోడైంది, విండోస్ 8 నుంచి నిర్మల యూఐ వచ్చింది. విండోస్ 10 నుంచి గౌతమి, వాణి మొదట్నుంచీ ఉండే ఫాంట్లు కావు, `Telugu Supplemental Fonts` అన్న పేరుతో విడిగా చేర్చుకోవాలి. అందుకే ఎప్పుడో గౌతమిలో చేసుకున్న దరఖాస్తు, బాండు పేపరు నమూనా, కొత్త కంప్యూటర్లో తెరిస్తే సంతకం గీత రెండో పేజీలోకి వెళ్లిపోతుంది.

వర్డ్‌లో ఇంకో చిక్కు ఉంది. ఫాంటుని వర్డ్ రెండు లెక్కలుగా చూస్తుంది: ఇంగ్లీషుకి ఒకటి, తెలుగు లాంటి లిపులకి ఇంకొకటి. `Ctrl+D` కొడితే వచ్చే పెట్టెలో `Complex scripts` అని విడిగా ఒక భాగం కనిపిస్తుంది. తెలుగుకి వర్తించే ఫాంటు, సైజు అక్కడివే. స్టైల్ మార్చినా తెలుగు సైజు మారట్లేదంటే చూడాల్సిన చోటు అదే. లిబ్రాఫీసులోనూ ఇలాగే `Complex text layout` అని వేరే గడి ఉంటుంది.

ప్రెస్సు వాళ్లు దిద్దుబాట్లు వాళ్లే చేయాలన్నప్పుడు, లేదా పేజీల అమరిక మొత్తం వాళ్లే చేస్తామన్నప్పుడు వర్డ్ ఫైలు ఇవ్వక తప్పదు. అప్పుడు `File > Options > Save` లో `Embed fonts in the file` టిక్కు పెట్టి, దాని కింద ఉండే `Do not embed common system fonts` టిక్కు తీసేసి సేవ్ చేయండి. పక్కన ఒక పీడీఎఫ్ కూడా ఇవ్వండి, అసలు ఎలా ఉండాలో పోల్చి చూసుకోవడానికి.

పీడీఎఫ్ చేసి పంపడం

పీడీఎఫ్ లోపల ఉండేది పేజీ మీద ఏ బొమ్మ ఎక్కడ పడాలన్న లెక్క. ‘స్త్రీ’కి కూర్పు అప్పటికే అయిపోయి ఉంటుంది. ఫాంటులో ఏ బొమ్మలు వాడారో అవి కూడా ఫైలులోనే దూరి కూర్చుంటాయి. అందుకే ప్రింటరుకి తెలుగు రావలసిన అవసరం లేదు. జిరాక్సు షాపుకైనా, ప్రెస్సుకైనా, పెన్‌డ్రైవు నేరుగా గుచ్చి తీసే పెద్ద ప్రింటరుకైనా నా మొదటి సలహా ఇదే.

దీనికీ రెండు హద్దులున్నాయి. ఒకటి, పీడీఎఫ్ చేసిన సాఫ్ట్‌వేర్‌లోనే కూర్పు తప్పితే ఆ తప్పు అలాగే గడ్డకట్టుకుపోతుంది, ప్రింటరు మార్చినా పోదు. రెండు, ఫాంటు లోపలికి చేరకపోతే ఇంట్లో బాగా కనిపించిన ఫైలు బయట డబ్బాలవుతుంది, ఎందుకంటే ఇంట్లో మీ కంప్యూటర్లోని ఫాంటు దాన్ని కాపాడింది. వర్డ్‌లో `Save As` లో పీడీఎఫ్ ఎంచుకుని `Options` నొక్కితే `PDF/A` అన్న టిక్కు ఉంటుంది. అది పెడితే ఫాంట్లు తప్పనిసరిగా లోపలికి వెళతాయి.

వెళ్లాయో లేదో చూడటం తేలిక. అడోబీ రీడర్‌లో `Ctrl+D` కొట్టి `Fonts` మీద నొక్కండి. ప్రతి ఫాంటు పేరు పక్కనా `Embedded` అనో `Embedded Subset` అనో ఉండాలి. లినక్సు వాడేవాళ్లకి ఒక కమాండు చాలు:

```
pdffonts sankalanam.pdf
```

వచ్చే పట్టికలో `emb` అన్న వరసలో `yes` ఉంటే ఫాంటు లోపల ఉన్నట్టు, `no` ఉంటే లేనట్టు.

ఫాంటు లోపలుండీ, తెరమీద బాగుండీ, కాగితం మీద మాత్రం చెడితే తప్పు ఎక్కువగా ప్రింటరు డ్రైవరుదే. అడోబీ రీడర్ ప్రింటు పెట్టెలో `Advanced` నొక్కి `Print As Image` టిక్కు పెడితే పేజీ మొత్తం బొమ్మగా వెళుతుంది. ప్రింటు కాస్త ఆలస్యంగా వస్తుంది గానీ వస్తుంది. షాపులో ముందు ఈ ముక్క చెప్పి చూడండి. చాలామంది ఆపరేటర్లు ఇది తెలియక ఫైలు బాలేదని తిప్పి పంపేస్తారు.

పీడీఎఫ్ నుంచి తెలుగుని కాపీ చేసి మళ్లీ వర్డ్‌లో పెట్టకండి. కాగితానికి బొమ్మల లెక్క చాలు కాబట్టి ప్రింటు బాగానే వస్తుంది. వెనక్కి అక్షరాలుగా మార్చేటప్పుడు మాత్రం ఒత్తులు, గుణింతాలు అటూ ఇటూ అయిపోతాయి.

గీతలుగా, బొమ్మగా మార్చి పంపడం

పుస్తకం అట్ట, శుభలేఖ, ఫ్లెక్సీ లాంటి నాలుగు మాటల పనులకి ఇది అన్నిటికన్నా నిశ్చింత. ఇంక్‌స్కేప్‌లో `Path > Object to Path`, ఇలస్ట్రేటర్‌లో `Type > Create Outlines` నొక్కితే అక్షరాలు అక్షరాలుగా మిగలవు, గీతలైపోతాయి. ఇక ఫాంటు ఊసే ఉండదు. అయితే ఆ తర్వాత అక్షరదోషం దొరికితే దిద్దలేరు. కాబట్టి మార్చకముందు ఫైలుకి ఒక నకలు దాచుకోవాలి.

బొమ్మగా పంపాలంటే ఏ4 పేజీకి 300 డీపీఐ లెక్కన 2480 x 3508 పిక్సెళ్లు ఉండాలి. దాన్ని వాట్సాప్‌లో ఫొటోగా పంపితే అది కుదించేస్తుంది, ఒత్తుల అంచులు పాకుడు పట్టినట్టు పడతాయి. డాక్యుమెంటుగా పంపండి. పేజీలకు పేజీలు పాఠం ఉన్న పనికి మాత్రం ఈ దారి వద్దు. ఫైలు బరువెక్కుతుంది, చిన్న అక్షరాలు మొద్దుబారతాయి.

అనులోకి మార్చడం

ప్రెస్సులో ‘యూనికోడ్ మాకు రాదండీ, అనులో ఇవ్వండి, లేకపోతే మేమే కొట్టుకుంటాం’ అంటారు. వాళ్ల మాటలో నిజం కొంత ఉంది. పేజ్‌మేకర్ మీద నడిచే చోట అను తప్ప గతిలేదు. వాళ్ల చేయి అనులో ఆపిల్ అనే కీబోర్డు అమరికకి అలవాటుపడి ఉంటుంది, శీర్షికలకి వాళ్ల దగ్గర పదుల కొద్దీ రకాలుంటాయి.

కానీ వాళ్ల దగ్గర ఇన్‌డిజైన్ ఉంటే కథ వేరు. సీఎస్6 నుంచి అందులో తెలుగు కూర్పు ఉంది, తెరిచి పెట్టుకోవడమే తరువాయి. మామూలు అమరికలో యూనికోడ్ తెలుగు అతికిస్తే ఒత్తులు విరిగి పడతాయి. అది చూసి ‘యూనికోడ్ రాదు’ అని తేల్చేస్తారు. పాఠం అంతా ఎంచుకుని, పేరాగ్రాఫ్ ప్యానెల్ మూలనున్న మెనూలో `Adobe World-Ready Paragraph Composer` ఎంచుకుంటే ఒత్తులు వాటి చోట్లకి వెళ్లి కూర్చుంటాయి. ఈ ఒక్క మార్పుకి బదులు నూరు పేజీలు మళ్లీ టైపు చేయించుకున్న వాళ్లు ఉన్నారు. ప్రెస్సుకి వెళ్లినప్పుడు ముందడగాల్సింది పేజ్‌మేకరా, ఇన్‌డిజైనా, ఏ వెర్షనా అని.

కన్వర్టర్‌తో యూనికోడ్‌ని అనులోకి మారిస్తే కొన్ని చోట్ల తప్పకుండా చూసుకోవాలి. ‘సాఫ్ట్‌వేర్’, ‘రాజ్‌కుమార్’ లాంటి మాటల్లో పొల్లు తర్వాత కంటికి కనబడని ఒక అడ్డుగోడ ఉంటుంది, రెండు హల్లులు కలవకుండా ఆపేది అదే. కన్వర్టర్ దాన్ని మింగేస్తే ‘సాఫ్ట్వేర్’, ‘రాజ్కుమార్’ అయిపోతాయి. బండి ర, మూడేసి హల్లుల కూర్పులు, దీర్ఘ ఋత్వం కూడా తడబడే చోట్లే. అంటే మొత్తం పుస్తకానికి ఇంకోసారి ప్రూఫు చూడాలి. రేపు అదే పుస్తకాన్ని ఈ-బుక్కుగా వేద్దామన్నా, నెట్‌లో పెడదామన్నా అను ఫైలు పనికిరాదు, మళ్లీ వెనక్కి మార్చుకోవాలి. అందుకే, వేరే దారి లేనప్పుడే ఇది. ఎంచుకున్నా మీ యూనికోడ్ ఫైలే అసలు ప్రతి అనుకుని, ప్రతి దిద్దుబాటూ అందులో కూడా చేయండి.

ఒక పుస్తకం లెక్క

రిటైరైన మాస్టారి వ్యాసాలు పుస్తకంగా వేస్తున్నారనుకుందాం. డెమ్మీ 1/8 సైజు, అంటే దాదాపు ఐదున్నర అంగుళాల వెడల్పు, ఎనిమిదిన్నర ఎత్తు. వర్డ్‌లో మండలి ఫాంటుతో సరిగ్గా 48 పేజీలు వచ్చింది. ప్రెస్సులో 16 పేజీలు ఒక ఫారం కాబట్టి మూడు ఫారాలు, బేరం కూడా దాని మీదే కుదిరింది.

వర్డ్ ఫైలు పంపారు. ప్రెస్సు కంప్యూటర్లో మండలి లేదు, నిర్మల పడింది. వరసల ఎత్తు, మాటల వెడల్పు మారి పుస్తకం 50 పేజీలకి పాకింది. ఆ రెండు పేజీలకి ఇంకో ఫారం ఎక్కాలి, లేదా ఆపరేటరు అక్షరం సైజు తగ్గించి ఇరికించాలి. మీకు ఫోన్ చేయకుండా రెండోదే చేస్తాడు. పుస్తకం వచ్చాక మాస్టారు ‘అక్షరాలు ఇంత సన్నగా ఉన్నాయేంటి’ అంటారు.

అదే పని పీడీఎఫ్‌తో ఇలా చేయొచ్చు. వర్డ్‌లో పేజీ సైజుని ముందే డెమ్మీకి పెట్టుకుని, తెలుగు ఫాంటుని `Complex scripts` దగ్గర ఖాయం చేయాలి. వరసల మధ్య దూరం `Exactly` అని బిగించి ఉంటే తీసేసి `Multiple` పెట్టాలి. తెలుగుకి ఒత్తు కింద ఒత్తు పడుతుంది. వరసని 12 పాయింట్లకి బిగించేస్తే ‘జ్యోత్స్న’లో కింది ఒత్తు కోసుకుపోతుంది. దీన్ని చాలామంది ఫాంటు లోపమనుకుంటారు. తర్వాత ఒక పరీక్ష పేజీ తయారు చేసి, అందులో ఈ వరస పెట్టండి:

స్త్రీ, రాష్ట్రం, జ్యోత్స్న, లక్ష్మి, జ్ఞానం, వాఙ్మయం, దుఃఖం, పితౄణం, వైశిష్ట్యం, గుఱ్ఱం, సాఫ్ట్‌వేర్, ₹500, “కొటేషన్”, 1998–2024

ఈ ఒక్క వరస ప్రెస్సు ప్రింటరు మీద సరిగా పడితే మిగతా 48 పేజీలకి ఒత్తుల టెన్షన్ దాదాపు ఉండదు. ఏదైనా చెడితే ఏ రకంగా చెడిందో చూస్తే కారణం తెలిసిపోతుంది: రూపాయి గుర్తో, గీతో డబ్బా అయితే ఫాంటు, జ్యోత్స్న విడిపోతే సాఫ్ట్‌వేర్, సాఫ్ట్‌వేర్ అన్న మాట కలిసిపోతే కన్వర్టర్. పరీక్ష నెగ్గాక మొత్తం పుస్తకాన్ని `PDF/A` టిక్కుతో పీడీఎఫ్ చేసి, ఫాంట్ల పట్టిక చూసి, పేజీల సంఖ్య 48 అని సరిచూసి పంపాలి. ప్రూఫు మాత్రం ఫోన్లో చూడకండి, కాగితం మీద తీయించి చూడండి.

ఏ ఫాంటు?

అందం ఎవరి ఇష్టం వారిది. పని లెక్కలో నేను చూసేవి మూడు: ఫాంటుని ప్రెస్సుకి ఇవ్వడానికి అనుమతి ఉందా, నిజమైన బోల్డు ఉందా, ఇంగ్లీషు అంకెలు, ₹ గుర్తు ఉన్నాయా.

నిర్మల, గౌతమి విండోసుతో వచ్చేవి. ఆఫీసు ఉత్తరాలకి భేషుగ్గా ఉంటాయి, కానీ ఆ ఫాంటు ఫైళ్లని కాపీ చేసి ఇంకొకరికి ఇచ్చే హక్కు మీకు లేదు. మండలి, ఎన్టీఆర్, రామభద్ర, మల్లన్న, ధూర్జటి లాంటివి గూగుల్ ఫాంట్సులో ఉచితం, లైసెన్సు కూడా స్వేచ్ఛగా పంచుకోనిస్తుంది. పుస్తకంతో పాటు ఫాంటు ఫైలుని ప్రెస్సుకి నిర్భయంగా ఇవ్వొచ్చు. ఈ ఒక్క కారణం చాలు, పుస్తకాలకి వీటినే వాడమనడానికి. దేశికాచారి గారి పోతన, వేమన ఫాంట్లు యూనికోడ్ తెలుగుకి తొలిరోజుల్లో దారి చూపినవి, ఇప్పటికీ చాలామందికి ఇష్టం. పాత ప్రతి దించుకుని ఉంటే పైన చెప్పిన వరసతో పరీక్షించి వాడండి.

మండలి, ఎన్టీఆర్ లాంటి వాటికి ఒకే మందం ఉంటుంది. వాటి మీద `B` నొక్కితే సాఫ్ట్‌వేరే అక్షరాన్ని లావు చేస్తుంది. తెరమీద సరే, 11 పాయింట్లలో కాగితం మీద ష, ఘ లోపలి ఖాళీలు మూసుకుపోయి మరకల్లా పడతాయి. శీర్షికకి పుట్టుకతోనే లావుగా ఉండే రామభద్ర వాడండి. లేదా పాఠానికీ శీర్షికకీ కలిపి నోటో సాన్స్ తెలుగు తీసుకోండి, అందులో సన్నం నుంచి బాగా లావు దాకా నిజమైన మందాలున్నాయి. దించుకున్న పొట్లంలో `static` అనే ఫోల్డరులో ఉన్న ఫైళ్లని ఇన్‌స్టాల్ చేసుకోండి. పైనున్న వేరియబుల్ ఫైలుతో వర్డ్ సరిగా మెలగదు.

సాఫ్ట్‌వేరే పత్రాలు తయారుచేస్తే

బడి సర్టిఫికెట్లు, చందా రసీదులు వందల కొద్దీ ప్రోగ్రాముతో తీసేవాళ్లకి రెండు దారులున్నాయి. పీడీఎఫ్ లైబ్రరీతో నేరుగా గీయించడం ఒకటి. చాలా లైబ్రరీలు ఫాంటుని లోపల పెడతాయి గానీ కూర్పు చేయవు. అందుకే డబ్బాలు పోయి విరిగిన ఒత్తులు మిగులుతాయి. పైథాన్‌లో `fpdf2` వాడితే `uharfbuzz` కూడా ఇన్‌స్టాల్ చేసి ఒక్క వరస కలపాలి, కిందివాటిలో చివరిది:

```
pdf.add_font("Mandali", fname="Mandali-Regular.ttf")
pdf.set_font("Mandali", size=14)
pdf.set_text_shaping(True)
```

రెండో దారి, పత్రాన్ని వెబ్ పేజీలా రాసి క్రోమ్‌తోనే పీడీఎఫ్ చేయించడం. బ్రౌజరులో కూర్పు ఎటూ ఉంటుంది, గీతలూ పట్టికలూ సర్దుకోవడం కూడా తేలిక. వేగం తక్కువే అయినా, కొత్తగా మొదలుపెట్టేవాళ్లకి నేనిదే చెబుతాను.

కిరాణా కొట్టు బిల్లుల థర్మల్ ప్రింటరు సంగతి వేరు. అక్షరాలుగా పంపితే అది తనలో ముందే ఉన్న అక్షరాల పట్టికలోంచి తీసి కొడుతుంది, మామూలుగా ఆ పట్టికలో తెలుగు ఉండదు. కంప్యూటర్లో ఎన్ని ఫాంట్లు పెట్టినా దానికి చేరవు. బిల్లుని బొమ్మగా మార్చి పంపే సాఫ్ట్‌వేర్ కావాలి. 58 మిల్లీమీటర్ల కాగితానికి ఆ బొమ్మ వెడల్పు సాధారణంగా 384 చుక్కలు, 80 మిల్లీమీటర్లకి 576. 384 చుక్కల్లో పేరు, తూకం, ధర ఒకే వరసలో పెడితే ఒత్తులు అలికినట్టు పడతాయి. సరుకు పేరుని పై వరసలో వేసి, అంకెల్ని కింది వరసలో వేయించుకోవాలి. బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ కొనేముందు ‘తెలుగు వస్తుందా’ అని అడిగితే ఎవరైనా వస్తుందనే అంటారు. మీ కొట్లో ఉన్న ప్రింటరు మీదే ‘ఉప్మా రవ్వ, ధనియాలు, జీలకర్ర, పుట్నాల పప్పు, ₹’ కొట్టించి చూపించమనండి.